19 ఫోటోలల్ల ఏది ముందు పెట్టాలె: పగిలిన ఫ్రేమ్ పార్సిల్ క్లెయిమ్ ఒకటి

నేను హన్మకొండల ఒక కొరియర్ బుకింగ్ కౌంటర్ నడుపుత, పదేండ్లు దాటింది. బుకింగ్ తోని పాటు డ్యామేజ్ క్లెయిమ్ కాయితాలు కూడ నేనే చూసుకుంట, ఎందుకంటే పంపినోళ్లు తిరిగొచ్చి అడిగేది నన్నే, కంపెనీని కాదు. ఇయ్యాల చెప్పేది ఒక్కటే కేసు. దీంట్ల ఫోటోలు బాగనే ఉండె, ఎక్కువ కూడ ఉండె, కని ఏది ముందు పెట్టాలె అన్న దగ్గర నేను నా కౌంటర్ల పనిచేసే తమ్ముడు సగం రోజు వాదించుకున్నం.

పార్సిల్ సంగతి ముందు చెప్త. వేయి స్తంభాల గుడి దిక్కు చిన్న షాపు నడిపే ఒక అక్క, చేర్యాల బొమ్మల పెయింటింగ్ ఒకటి గ్లాస్ ఫ్రేమ్ కట్టించి మంచిర్యాలల ఒక రిటైర్డ్ సార్‌కు పంపింది, ఆయన బిడ్డ గృహప్రవేశానికి. పెయింటింగ్ 5,800, ఫ్రేమ్ గ్లాస్ కలిపి 1,400, మొత్తం 7,200 బిల్లు. 2024 నవంబర్ 18 సోమవారం బుక్ అయింది. నేను అడిగిన, అక్కా ఓనర్స్ రిస్క్ మీద, అంటే పగిలితే నష్టం నీదే అన్నట్టు పోనిస్తవా, లేదంటే క్యారియర్ రిస్క్, అంటే నష్టం కంపెనీ భరించేటట్టు రాయల్నా అని, అక్క 144 రూపాయలు ఎక్కువ కట్టి రిస్క్ కవర్ తీసుకున్నది, డిక్లేర్డ్ వాల్యూ 7,200 రాయించింది. ఇది లేకపోతే ఎంత మంచి ఫోటో ఉన్నా కంపెనీ తన షరతుల ప్రకారం ఇచ్చే చిన్న మొత్తమే వస్తది.

గురువారం నాడు, 21న, మధ్యాహ్నం డెలివరీ అయింది. డెలివరీ పిల్లగాడు ఫోన్ మీద సంతకం చేయించుకొని పోయిండు, సార్ బాక్స్ మూల చూసుకోలేదు, లోపటికి తీసుకపోయినంక చూసిండు. ఆ సంతకం స్క్రీన్ల రిమార్క్ రాసే జాగ లేదు. అంటే రికార్డుల ఇది క్లీన్ డెలివరీ, ఏ దెబ్బా లేకుండ అందినట్టు. గిదే మనకు మొదటి దెబ్బ, ఈ దెబ్బను ఫోటో తోనే తీర్చాల్సి వచ్చింది.

మూడు గంటలకు అక్క నాకు ఫోన్ చేసి ఏడుపు గొంతు తోని, తమ్మీ గ్లాస్ మొత్తం పోయిందట, సార్ ఫోటోలు పెట్టిండు చూడు అన్నది. నాకు వాట్సాప్‌ల 15 ఫోటోలు వచ్చినయ్. నేను ఫోటోలు తెరవక ముందే సార్‌కు ఫోన్ కొట్టిన.

"సార్, గ్లాస్ ముక్కలు తీసిండ్రా?"

"లేదు బాబూ, చేతులకు గుచ్చుకుంటదని ముట్టలే. ఫ్రేమ్ ఇంక డబ్బలనే ఉంది."

"మంచిది సార్. జర అట్లనే ఉంచుండ్రి. బాక్స్ పారెయ్యకుండ్రి, బబుల్ షీట్ కూడ. నేను ఫోటోలు చూసి ఇంకో రెండు మూడు అడుగుత."

ఈ ఒక్క కాల్ ఆలస్యం అయ్యుంటే కేసు సగం పోయేది. జనం సాధారణంగ చేసేది ఏందంటే, పగిలింది చూడంగనే ముందు ఊడ్చి పారేస్తరు, ఇంట్ల పిల్లలుంటరు కదా, వాళ్లను తప్పు పట్టలేం. తర్వాత ఫ్రేమ్‌ను సోఫా మీద పెట్టి ఫోటో తీస్తరు.

ఇగ 15 ఫోటోల దగ్గరికి వద్దాం. మా తమ్ముడు చూడంగనే 11వ ఫోటో పట్టుకున్నడు. నిజంగ చూస్తే అది అన్నిట్ల స్పష్టమైన ఫోటో. గ్లాస్ మధ్యల దగ్గరి నుంచి తీసిండు సార్, పగుళ్లు ఒకదాని మీద ఒకటి అల్లుకొని సాలెగూడు లెక్క, ఎండ పడి మెరుస్తున్నయ్. తమ్ముడు అన్నడు, అన్నా ఇది చూస్తే ఎవడైనా పైసలిస్తడు అని. నేను వద్దన్న. ఎందుకు వద్దన్ననో చెప్తే మిగితా అంతా అర్థమైతది.

క్లెయిమ్ డెస్క్‌ల కూసున్నోడికి గ్లాస్ పగిలిందా లేదా అన్న అనుమానం ఉండదు. పగలకుంటే ఎవరూ క్లెయిమ్ పెట్టరు కదా. ఆయనకు ఉండే అనుమానాలు వేరే. ఇది మా డాకెట్, అంటే బుకింగ్ రసీదు, మీద పోయిన పార్సిలేనా? దారిల పగిలిందా, ఇంట్ల పగిలిందా? పగులు దెబ్బ వల్లనా, ప్యాకింగ్ చేతగాక పోవడం వల్లనా? 11వ ఫోటోల ఈ మూడిట్ల ఒక్కదానికి కూడ జవాబు లేదు. లేబుల్ లేదు, బాక్స్ లేదు, ఫ్రేమ్ అంచు కూడ లేదు. అది ఏ ఇంట్ల ఏ గ్లాస్ అయినా కావచ్చు. స్పష్టంగ ఉన్నంత మాత్రాన సాక్ష్యం అయిపోదు.

నేను పట్టుకున్నది 6వ ఫోటో. చూడనీకి అంత బాగుండదు, జర చీకటి, ఒక పక్కన సార్ కాలి వేలు కూడ పడ్డది. కని ఏమున్నదో చూడుండ్రి: బాక్స్ పై రెక్కలు తెరిచి ఉన్నయ్, కుడి రెక్క మీద మా లేబుల్ డాకెట్ నంబర్ తోని సహా కనపడుతున్నది, ఎడమ కింది మూల లోపటికి నొక్కుకపోయి ఉన్నది, ఫ్రేమ్ ఇంక డబ్బలనే ఉన్నది, బబుల్ షీట్ పైన మాత్రమే విప్పిండు, గ్లాస్ పగుళ్లు సరిగ్గ ఆ నొక్కుకపోయిన మూల దగ్గర మొదలై విసనకర్ర లెక్క విచ్చుకున్నయ్. లేబుల్, బాక్స్ దెబ్బ, సామాన్ దెబ్బ, మూడు ఒకే చట్రంల. వేరే వేరే ఫోటోలల్ల మూడు చూపిస్తే చూసేటాయన వాటిని తన మనసుల కలుపుకోవాలె, కలుపుకోడు. ఒకే ఫోటోల ఉంటే కలిపే పనే లేదు.

ఇక్కడ గ్లాస్ గురించి ఒక మాట చెప్పాలె, ఇది నాకు చాన కేసుల తర్వాత తెలిసింది. ఫ్రేముల వేసే మామూలు గ్లాస్, అంటే టఫెన్డ్ కానిది, దెబ్బ తగిలిన చోట నుంచి పగుళ్లు బయటికి పరుగెత్తుతయ్, పోయిన కొద్ది ఒకటి రెండుగ చీలుతయ్, చెట్టు కొమ్మల లెక్క. అంటే కొమ్మలు ఎటు చీలుతున్నయో చూస్తే మొదలు ఎక్కడో తెలిసిపోతది. టఫెన్డ్ గ్లాస్ అయితే మొత్తం చిన్న చిన్న పలుకులు అయిపోతది, ఈ లెక్క అంత సులువుగ దొరకదు. ఈ కేసుల మొదలు ఎడమ కింది మూల. బాక్స్ నొక్కు కూడ అదే మూల. అంటే బాక్స్ ఆ మూల మీద పడ్డది. అదే పైన బరువు పెట్టడం వల్ల అయ్యుంటే బాక్స్ పై ముఖం కుంగేది, పక్క గోడలు ఉబ్బేవి, పగుళ్లు చాన వరకు మధ్యల మొదలయ్యేవి. తమ్ముడు ఇష్టపడ్డ 11వ ఫోటోల కొమ్మలే ఉన్నయ్, మొదలు లేదు. చెట్టు మొదలు కోసేసి కొమ్మ ఫోటో పెడితే ఏ చెట్టో ఎవరు చెప్తరు?

సరే, తమ్ముడు ఊరుకోలే. వాడు అడిగిన ప్రశ్న మంచిదే. "అన్నా 6ల బాక్స్ తెరిచి ఉన్నది కదా, తెరిచినంక వాళ్లే కింద పడేసిన్రంటే?" నిజమే. అందుకే 3వ ఫోటో. అది బాక్స్ ఇంక మూసి ఉన్నప్పుడు తీసింది, మా కంపెనీ పేరున్న టేప్ కోయకుండ ఉన్నది, మూల అప్పటికే నొక్కుకపోయి ఉన్నది, లేబుల్ పక్కకు సగం కనపడుతున్నది. మరి 3ను ముందు పెట్టొచ్చు కదా అంటే, నేను పెట్టను. బాక్స్ నొక్కినా లోపల సామాన్ మంచిగుంటే క్లెయిమే లేదు, నేను వారానికి అట్లాంటి బాక్సులు ఎన్నో చూస్త. 3వది 6కు తోడు నిలబడే సాక్షి. 6 లేకుండ 3 ఒక్కటే పోతే ఒట్టి అట్టపెట్టె ఫోటో.

అక్కడ టైమ్ కూడ పని చేసింది. పీఓడీ అంటే డెలివరీ అయినట్టు ఉండే రికార్డు, దాంట్ల సంతకం 2:05కు పడ్డది. 3వ ఫోటో తీసింది 2:12కు. ఏడు నిమిషాలు. క్లీన్ డెలివరీ అని వాళ్లు వాదిస్తే, టేప్ కోయని బాక్స్ ఏడు నిమిషాల తర్వాత మూల నొక్కుకొని ఉన్నదని చూపించొచ్చు. కని ఈ టైమ్ నాకు వాట్సాప్‌ల వచ్చిన ఫోటోల నుంచి తెల్వలే. వాట్సాప్ ఫోటోగ పంపితే సైజు తగ్గించడమే కాదు, ఫోటో లోపల దాగి ఉండే టైమ్ వివరాలు కూడ తీసేస్తది. ఫైల్ పేరు చూస్తే `IMG-20241121-WA0007.jpg` అని ఉంటది, చాన మంది దాంట్ల తారీఖు చూసి అదే సాక్ష్యం అనుకుంటరు, అది వాట్సాప్‌ల పోయిన, వచ్చిన రోజు, ఫోటో తీసిన రోజు కాదు. అందుకే సార్‌ను అడిగిన, సార్ ఫోటో లెక్క కాదు, అటాచ్ నొక్కి డాక్యుమెంట్ అని ఉంటది, దాంట్ల నుంచి పంపుండ్రి అని. ఆయనకు రాలే, పక్కింటి పిల్లగాడిని పిలిచి పంపించిండు. గా ఫైళ్లు వచ్చినంకనే 2:12 కనపడ్డది. ఫోన్ల టైమ్ మార్చుకోవచ్చు కాబట్టి దీన్ని ఒక్కదాన్నే పట్టుకొని ఎవరూ గెలవరు, పీఓడీ టైమ్ పక్కన పెడితేనే బలం.

ఇంకోటి కూడ అప్పుడే తేలింది. వాట్సాప్ ఫోటోల 6వ దాంట్ల డాకెట్ నంబర్ చివరి నాలుగు అంకెలు అలుక్కపోయి ఉండె, 3 అన్నా 8 అన్నా ఒప్పుకోవాల్సిందే. అసలు ఫైల్ల పెద్దగ చేసి చూస్తే ప్రతి అంకె చదవొచ్చు. నేను ఎప్పుడూ చేసే పరీక్ష గిదే: మా పీఓడీ చూడకుండ, వేరే మనిషిని పిలిచి, ఈ ఫోటోల నంబర్ చదువు అంట. తమ్ముడు చదివిండు, కాయితం తోని కలిసింది. నంబర్ ముందే తెలిసిన కండ్లు తప్పు అంకెను కూడ సరిగ్గనే చదువుతయ్, అందుకే నేను చదవను.

క్లెయిమ్ ఫారంల నాలుగు ఫోటోలకే జాగ, ఒక్కోటి 2 ఎంబీ దాటొద్దు. అసలు ఫైల్ 4 ఎంబీ పైన ఉన్నది. ఇక్కడ జనం చేసే పెద్ద తప్పు క్రాప్ చేయడం. క్రాప్ చేస్తే లేబుల్ పోతది లేదంటే మూల పోతది, అంచులు కోసిన ఫోటో చూడంగనే ఏం దాస్తున్నరు అన్న అనుమానం కూడ వస్తది. సార్ కాలి వేలు ఉన్నా ఉండనియ్ అని మొత్తం చట్రం అట్లనే ఉంచి సైజు మాత్రం తగ్గించిన, తగ్గించినంక మళ్ల నంబర్ చదివించిన. ఎర్ర గీత గీసి సున్న చుట్టడం కూడ అసలు ఫోటో మీద చేయను. బాణం గుర్తులు కావాల్నంటే కాపీ మీద వేసి మెయిల్ల వేరేగ పెడ్త.

రెండు జాగలు అయిపోయినయ్. మిగిలిన రెండు నేను అడిగి తీయించినయ్.

మూడోది పెయింటింగ్ గురించి. గ్లాస్ పోతే 400, 500 రూపాయల పని, అక్క బాధ దాని గురించి కాదు, గ్లాస్ ముక్క బొమ్మ మీద గీసుకపోయింది. చేర్యాల బొమ్మ వేసే గుడ్డ మామూలు గుడ్డ కాదు, ఖద్దరు బట్టకు గంజి, సుద్ద మట్టి, చింతగింజల పేస్టు, జిగురు కలిపి పూత వేసి ఎండబెడ్తరు, దాని మీద రంగు. గాజు మొన తగిలితే రంగు తోని పాటు ఆ పూత లేస్తది, కింద తెల్లగ కనపడ్తది. కని సార్ పంపిన ఫోటోలల్ల ఆ గీత కనపడదు, ఎదురుగ నిలబడి ఫ్లాష్ వేసి తీసిండు, గ్లాస్ మీద ఫ్లాష్ వెలుగు తప్ప ఏం లేదు.

ఫోన్ల చెప్పిన: "సార్, ఫ్లాష్ బంద్ చేయుండ్రి. ఇంకో ఫోన్ టార్చ్ వేసి ఫ్రేమ్ పక్కన, బొమ్మకు దాదాపు ఆనించినంత కిందికి పెట్టుండ్రి, వెలుగు బొమ్మ మీద అడ్డంగ పారాలె, పై నుంచి పడొద్దు. గాజు ముక్కను కదపొద్దు, గీత మీద ఉన్నట్టే ఉంచుండ్రి. ఫ్రేమ్ కట్టె మీద ఒక పది రూపాయల బిళ్ళ పెట్టుండ్రి."

అడ్డం వెలుగుల ఏమైతదంటే, లేచిన పూత అంచుకు నీడ పడ్తది, ఎదురు వెలుగుల కనపడని గీత నల్ల గీటు లెక్క తేలుతది. పొద్దూకే ఎండల గోడ మీద గుంటలు కనపడ్తయ్ కదా, గట్లనే. పది రూపాయల బిళ్ళ అడ్డం 27 మిల్లీమీటర్లు, దాన్ని బట్టి గీత దాదాపు మూడు బిళ్ళల పొడుగు అని ఎవరైనా లెక్క కట్టొచ్చు. సార్ మూడు సార్లు తీసిండు, 17వది కుదిరింది. గాజు మొన, దాని కిందనే గీత, పక్కన బిళ్ళ. ఈ ఫోటోల ముక్క ఇంక అక్కడనే ఉండుడు ముఖ్యం. ముక్క తీసేసి గీత ఒక్కటే చూపిస్తే పాత గీత అంటరు.

నాలుగోది ప్యాకింగ్. బాక్స్ అంచు దగ్గరి నుంచి, ప్లైలు, అంటే అట్ట పొరలు, లెక్క పెట్టేటట్టు, బబుల్ షీట్ వరుసలు, మూలలకు పెట్టిన అట్ట ముక్కలు కనపడేటట్టు, 19వ ఫోటో. మేం 5 ప్లై బాక్స్ వాడినం, బబుల్ షీట్ మూడు చుట్లు. ఇది పంపనీకి నాకు జర వెనకాముందు అయింది, ఎందుకంటే దీంట్ల మా లోపం కూడ కనపడుతున్నది, మూలకు పెట్టిన అట్ట పల్చగ ఉన్నది, ఫ్రేమ్‌కు బాక్స్ గోడకు మధ్య ఒక వేలంత సందే ఉన్నది. గాజు ఫ్రేమ్‌కు నాలుగు దిక్కుల కనీసం రెండించుల మెత్త ఉండాలె అని ఇప్పుడు నేను అందరికీ చెప్త, అప్పుడు అట్ల లేకుండె. కని పంపకుంటే వాళ్లు అడుగుతరు, అడిగినంక పంపితే దాచినట్టు అయితది. పంపినం.

వరుస గిట్ల పెట్టినం: 6, 3, 17, 19. ఒక్కో దాని కింద ఒక వాక్యం, అంతకంటే ఎక్కువ రాయలే. 6 కింద రాసింది: "డాకెట్ లేబుల్, నొక్కుకపోయిన ఎడమ కింది మూల, అదే మూల నుంచి మొదలైన గ్లాస్ పగుళ్లు, ఫ్రేమ్ బాక్స్ నుంచి తీయక ముందు." చూసేటాయన కన్ను ఎక్కడికి పోవాల్నో చెప్పినం, బాధ రాయలే. షరతుల ప్రకారం డెలివరీ అయిన 48 గంటల్ల పెట్టాలె, మేం శుక్రవారం పొద్దుగాలనే పెట్టినం.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. ఒకటి, క్లీన్ డెలివరీ, రెండు, ప్యాకింగ్ సరిపోలేదు, మూడు, పెయింటింగ్‌కు నష్టం అయినట్టు లేదు, గ్లాస్ మాత్రమే ఇస్తం. మూడోది చదివి నాకు కోపమొచ్చింది, 17వ ఫోటో పెట్టినం కదా అని. ఫోన్ చేసి అడిగితే తెలిసింది, వాళ్ల స్క్రీన్ మీద మొదటి ఫోటో పెద్దగ వస్తదట, మిగితావి చిన్న బొమ్మలు, నొక్కితేనే తెరుచుకుంటయ్. 17ను ఎవరూ నొక్కలే. ఆ రోజు నాకు మొదటి జాగ ఎంత విలువైందో ఇంకా గట్టిగ తెలిసింది. 6 బదులు 11 పెట్టుంటే వాళ్లు చూసేది ఒట్టి గాజు పగులే.

మళ్ల మెయిల్ పెట్టినం. క్లీన్ డెలివరీ మాటకు 3వ ఫోటో అసలు ఫైల్, పీఓడీ టైమ్ పక్కపక్కన. ప్యాకింగ్ మాటకు నేను మా లోపం దాచలే, కని 6ను చూపించి ఒక్కటే అడిగిన: మిగితా మూడు మూలలకు కూడ ఇదే అట్ట, ఇదే సందు, వాటి దగ్గర గ్లాస్ అంచు పగలలే, బాక్స్ నొక్కలే. ప్యాకింగే కారణమైతే నొక్కిన ఒక్క మూల నుంచే ఎందుకు మొదలైంది? పెయింటింగ్ మాటకు 17ను మెయిల్ల మొదట పెట్టి, దాంతో పాటు బొమ్మ వేసిన ఆయన దగ్గరి నుంచి రిపేర్ లెటర్ తెప్పించినం, లేచిన పూత మళ్ల వేసి రంగు దిద్దనీకి 2,200 అవుతదని.

వాళ్లు సర్టిఫికేట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ ఇచ్చిన్రు, అంటే దారిల డ్యామేజ్ అయింది నిజమే అని క్యారియర్ రాసిచ్చే కాయితం, సీఓఎఫ్ అంటరు. ఇన్సూరెన్స్ దిక్కు ఇది లేకుండ ఫైల్ జరగదు. చివరికి ఫ్రేమ్, గ్లాస్ 1,400, రిపేర్ 2,200, మొత్తం 3,600ల నుంచి పాలసీ ప్రకారం 500 కోసి 3,100 వచ్చినయ్. అక్క మొదట 7,200 మొత్తం రావాలె అన్నది. నేను ఒప్పుకోలే, అక్కకు కూడ చెప్పిన, 17వ ఫోటో గీత ఉన్నదని ఎంత చూపించిందో బొమ్మ మిగితా అంతా బాగున్నదని కూడ అంతే చూపించింది అక్కా, బిళ్ళ పక్కన పెట్టినంక కొలత మనకు ఒక్కరికే పని చేయదు. అక్క కాసేపు మాట్లాడలే, తర్వాత సరే తమ్మీ అన్నది.

ఈ పద్ధతి ఎక్కడ పని చేయదో కూడ చెప్పాలె. అదే నెలల నిర్మల్ కొయ్య బొమ్మల పార్సిల్ ఒకటి, విరిగిన ముక్కలను వరుసగ తెల్ల బట్ట మీద పేర్చి చాన మంచి ఫోటోలు పంపిండు ఒక కస్టమర్, బాక్స్ అప్పటికే చెత్త బండిల పోయింది. లేబుల్ లేదు, మూల లేదు, ఏది ముందు పెట్టాల్నో ఎంచుకోనీకి నా దగ్గర ఏం లేదు. క్లెయిమ్ రాలే. ఉన్న ఫోటోలల్ల నుంచి మంచిదాన్ని ఏరొచ్చు, తీయని ఫోటోను ఏరలేం.

అప్పటి నుంచి కౌంటర్ల రెండు మార్చిన. లేబుల్ ఒకటి పై రెక్క మీద, టేప్ కోసే జాగకు దూరంగ, ఇంకోటి పక్క గోడ మీద అంటిస్తున్నం, ఏ దిక్కు నుంచి ఫోటో తీసినా నంబర్ చట్రంల పడాలె అని. ఇంకా గాజు, మట్టి, బొమ్మల పార్సిల్ మీద ఒక చిన్న చీటీ అతికిస్తున్నం: "మూల నొక్కి ఉంటే తెరవక ముందు ఒక ఫోటో, తెరిచినంక సామాన్ తీయక ముందు లేబుల్ కనపడేటట్టు ఇంకో ఫోటో." సార్ పెయింటింగ్ సంక్రాంతికి ముందు మళ్ల మంచిర్యాల పోయింది, ఈసారి రెండించుల మెత్త తోని, గ్లాస్ బదులు ఆక్రిలిక్ షీట్ వేయించి.